కొనేవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు? ఒక ఫన్నెల్ స్క్రీన్‌షాట్‌ని చదివే పద్ధతి

మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ షాపు ఉందనుకుందాం. నడిపే అమ్మాయి గూగుల్ అనలిటిక్స్‌లో గడిచిన ముప్పై రోజుల ఫన్నెల్, అంటే షాపుకి వచ్చినవాళ్లలో ఎంతమంది ఏ మెట్టు దాకా చేరారో చూపించే బొమ్మ తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపింది. కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, ఎక్కువ మంది ఎక్కడ పోతున్నారు? నేను ఏం మార్చి చూడాలి?" బొమ్మలో ఉన్నవి ఇవి. లెక్క తేలిగ్గా సాగాలని అంకెలు గుండ్రంగా వేశాను.

```
session_start     20,000
view_item         11,000
add_to_cart          880
begin_checkout       528
purchase             132
```

ఇరవై వేల మంది షాపుకి వచ్చారు. పదకొండు వేల మంది ఏదో ఒక చీర పేజీ తెరిచారు. 880 మంది కార్ట్‌లో వేసుకున్నారు, 528 మంది చెకౌట్ మొదలుపెట్టారు, 132 మంది కొన్నారు. ఈ బొమ్మ చూసి ఒక్క క్షణంలో చెప్పగలిగే జవాబు ఒకటి ఉంది. అది తప్పు కాదు, కానీ దాన్ని పట్టుకుని పనిలోకి దిగితే నెలలు వృథా అవుతాయి. ఎందుకో చూద్దాం.

ముందు శాతాల సంగతి తేల్చుకోవాలి, చాలామంది తడబడేది ఇక్కడే. ప్రతి మెట్టుకీ రెండు శాతాలు ఉంటాయి. ఒకటి, మొదట వచ్చిన ఇరవై వేల మందిలో ఇక్కడిదాకా చేరినవాళ్లు ఎంత శాతం అన్నది. రెండోది, సరిగ్గా ముందు మెట్టులో ఉన్నవాళ్లలో ఎంత శాతం ఇక్కడికి వచ్చారన్నది. ఆన్‌లైన్ షాపులు పెట్టుకునే షాపిఫై లాంటి చోట్ల డాష్‌బోర్డ్ మొదటి రకం చూపిస్తుంది. మన అంకెలనే అలా రాస్తే కార్ట్ 4.4%, చెకౌట్ 2.64%, కొనుగోలు 0.66% అని కనిపిస్తాయి. 2.64 నుంచి 0.66కి తగ్గడం చూస్తే రెండు శాతమే పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి చెకౌట్ దాకా వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురు వెళ్లిపోయారు. కాబట్టి స్క్రీన్‌షాట్ చేతికి రాగానే శాతాలు వదిలేసి మనుషుల సంఖ్యలు తీసుకోండి, ప్రతి సంఖ్యనీ దాని ముందున్న సంఖ్యతో భాగించండి. బొమ్మలోని కడ్డీల ఎత్తుని కూడా నమ్మకండి. మొదటి కడ్డీ ఇరవై వేలైనప్పుడు 528కీ 132కీ తేడా కంటికి ఆనదు.

అలా భాగిస్తే వచ్చేది ఇది. సైట్‌కి వచ్చినవాళ్లలో 55% మంది చీర పేజీకి వెళ్లారు. చీర చూసినవాళ్లలో 8% కార్ట్‌లో వేశారు. కార్ట్ నుంచి చెకౌట్‌కి 60% వెళ్లారు. చెకౌట్ నుంచి కొనుగోలుకి 25%. అంటే సంఖ్యలో చూసినా (10,120 మంది), శాతంలో చూసినా (92%), అందరికంటే ఎక్కువ మంది ఆగిపోయింది చీర చూసి కార్ట్‌లో వేసుకోకుండానే. ఆమె అడిగిన ప్రశ్నకి సూటి జవాబు ఇదే, దాన్ని దాచకుండా ముందు చెప్పాలి.

కానీ బట్టల కొట్టుకి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. నలభై చీరలు విప్పించుకుని, ఒకటో రెండో పక్కన పెట్టుకుంటాం. కొన్నిసార్లు ఏదీ తీసుకోకుండా లేచి వచ్చేస్తాం. చూడటం అన్న పనిలోనే వదిలేయడం కలిసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో అది ఇంకా ఎక్కువ, ఎందుకంటే బస్సులో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నొక్కి వచ్చినవాళ్లు కూడా అదే లెక్కలో పడతారు. చీర చూసిన వందమందిలో ఎనిమిది మంది కార్ట్‌లో వేయడం ఇలాంటి షాపుకి కంగారు పడాల్సిన అంకె కాదు. దాదాపు ఏ ఆన్‌లైన్ షాపు ఫన్నెల్ తీసినా పెద్ద తగ్గుదల ఇక్కడే కనిపిస్తుంది. అందరికీ ఒకేలా కనిపించేది మీ షాపులో ఏం చెడిందో చెప్పదు.

చెకౌట్ సంగతి వేరు. అక్కడికి వచ్చిన మనిషి రంగు నచ్చి, ధర చూసి, కార్ట్‌లో వేసి, కొనే బటన్ నొక్కింది. డబ్బు ఇవ్వడానికి సిద్ధమై వచ్చిన మనిషి వెనక్కి తిరిగిందంటే మధ్యలో ఏదో అడ్డం వచ్చిందనే అనుమానించాలి. అందుకే ఎక్కడ ఎక్కువ మంది పోయారన్న ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న పెట్టుకోవాలి: మామూలుగా పోవాల్సినదానికంటే ఎక్కువ మంది ఎక్కడ పోతున్నారు?

మామూలు అంటే ఎంత అన్నది ఎలా తెలుస్తుంది? ఈ రంగంలో అందరూ చెప్పే అంకె ఒకటుంది. డెన్మార్క్‌లోని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఎన్నో అధ్యయనాలను కలిపి తీసిన సగటు ప్రకారం, కార్ట్‌లలో సుమారు 70% కొనకుండా వదిలేసినవే. మన షాపులో 880 కార్ట్‌లకి 132 కొనుగోళ్లు, అంటే 85% వదిలేశారు. ఎక్కువగానే ఉంది. కానీ రకరకాల దేశాల, రకరకాల సరుకుల సగటుతో మంగళగిరి చీరల షాపుని కొలవడంలో ఒక ఇబ్బంది ఉంది, తేడాకి కారణం ఏంటో అది చెప్పదు. నాకు ఎక్కువ ఉపయోగపడేది షాపు లోపలే దొరికే కొలబద్ద. నిరుటి ఇదే నెల అంకెలు ఉంటే మంచిది. లేకపోతే ఫోన్ నుంచి వచ్చినవాళ్లనీ కంప్యూటర్ నుంచి వచ్చినవాళ్లనీ విడదీసి చూడాలి. అనలిటిక్స్‌లో Device category అన్న విభజన పెడితే చాలు.

విడదీస్తే ఇలా వచ్చిందనుకుందాం. చెకౌట్ మొదలుపెట్టిన 528 మందిలో 462 మంది ఫోన్‌లో, 66 మంది కంప్యూటర్‌లో. కొన్నవాళ్లు ఫోన్‌లో 99, కంప్యూటర్‌లో 33. అంటే కంప్యూటర్‌లో సగం మంది కొంటున్నారు, ఫోన్‌లో 21% మందే కొంటున్నారు. 66 చిన్న సంఖ్య, కాబట్టి ఆ సగం అన్నది అటూ ఇటూ పన్నెండు శాతం ఊగవచ్చు. కిందికి ఊగితే 38% దగ్గరికి రావచ్చు, ఫోన్ అంకె పైకి ఊగితే 25% దగ్గరికి వెళ్లవచ్చు, అయినా రెండూ కలవవు. తేడా అదృష్టం మీద వచ్చింది కాదు. చీరలు అవే, ధరలు అవే. కంప్యూటర్ ముందు కూర్చుని కొనేవాళ్ల తీరు కొంచెం వేరు కావచ్చు కానీ, సగానికి సగం తేడాని దాని మీద తోసేయలేం.

లెక్కే తప్పితే?

ఇక్కడ ఆగి ఒక పని చేయాలి, దీన్ని వదిలేసినవాళ్లు తర్వాత చాలా బాధపడతారు. అనలిటిక్స్ చెప్పిన 132 కొనుగోళ్లని షాపులో నిజంగా వచ్చిన ఆర్డర్లతో పోల్చాలి. పోల్చేటప్పుడు వాట్సాప్‌లో, ఫోన్‌లో తీసుకున్న ఆర్డర్లు పక్కన పెట్టాలి. మన షాపులో అలా తీసేశాక 171 ఆర్డర్లు మిగిలాయనుకుందాం. ముప్పై తొమ్మిది ఎక్కడికి పోయాయి?

చాలావరకు యూపీఐలో. `purchase` అన్న ఈవెంట్ సాధారణంగా డబ్బు కట్టాక వచ్చే థాంక్యూ పేజీ తెరుచుకున్నప్పుడు నమోదవుతుంది. ఫోన్‌లో యూపీఐతో కట్టే మనిషి బ్రౌజర్ నుంచి పేమెంట్ యాప్‌లోకి వెళ్తుంది, పిన్ కొడుతుంది, డబ్బు పోయిందన్న పచ్చ టిక్కు చూస్తుంది, ఫోన్ పక్కన పెట్టేస్తుంది. బ్రౌజర్‌కి తిరిగి రాకపోతే థాంక్యూ పేజీ తెరుచుకోదు. చీర ఇంటికి చేరుతుంది, అనలిటిక్స్‌కి మాత్రం ఆమె చెకౌట్‌లో వదిలేసి వెళ్లిపోయిన మనిషే. ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్ నుంచి వచ్చినవాళ్లతో ఇది ఇంకా ఎక్కువ. అన్ని ఆర్డర్లూ ఎప్పుడూ కలవవు, ప్రకటనలు ఆపే బ్రౌజర్ల వల్ల కొన్ని పోతూనే ఉంటాయి. ఒకే మనిషి రెండుసార్లు కొన్నా మనుషుల లెక్కలో ఒకటే పడుతుంది. కానీ ఇరవై శాతానికి పైగా తేడా ఉంటే మార్చాల్సింది చెకౌట్ పేజీకంటే ముందు లెక్కని. పేమెంట్ గేట్‌వే నుంచి డబ్బు అందినట్టు సర్వర్‌కి వచ్చే కబురు మీద `purchase` నమోదయ్యేలా డెవలపర్‌తో చెప్పి చేయించాలి.

పేమెంట్ వివరాలు చూస్తే ఆ ముప్పై తొమ్మిదీ ఫోన్‌లోవే అనుకుందాం. అప్పుడు ఫోన్‌లో అసలు కొనుగోళ్లు 138, అంటే 30%. కంప్యూటర్ 50% కంటే ఇంకా చాలా తక్కువే. సమస్య అనుకున్నదానికంటే చిన్నదైంది, మాయం కాలేదు.

ఇంకో లెక్క పొరపాటు కూడా చెప్పాలి, అది పైన చూసిన 92% మెట్టుకి సంబంధించింది. చీర పేజీలో నేరుగా కొనే బటన్ కూడా ఉంటే, దాన్ని నొక్కినవాళ్లు కార్ట్‌ని దాటేసి చెకౌట్‌కి వెళ్తారు. ఫన్నెల్ మూసినట్టు ఉంటే, అంటే ప్రతి మెట్టూ వరసగా ఎక్కినవాళ్లనే లెక్కపెడుతుంటే, వాళ్లంతా చీర చూసి వెళ్లిపోయినట్టు కనిపిస్తారు. ఫన్నెల్ ఎక్స్‌ప్లోరేషన్‌లో Make open funnel అన్నది ఆన్ చేసి చూడండి. చెకౌట్ సంఖ్య ఒక్కసారిగా పెరిగితే కారణం ఈ బటనే కావచ్చు. మన షాపులో అలాంటి బటన్ లేదు.

చెకౌట్ లోపలికి

చెకౌట్ మొదలు, కొనుగోలు అన్న రెండు మెట్ల మధ్య ఒక్క పేజీ ఉండదు. ఫోన్ నంబర్, ఓటీపీ, చిరునామా, డెలివరీ ఛార్జీ, డబ్బు కట్టే పద్ధతి, ఇన్ని ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో అవన్నీ ఒకే కడ్డీ వెనక దాక్కున్నాయి. `add_shipping_info`, `add_payment_info` అన్న ఈవెంట్లు షాపులో నమోదవుతుంటే వాటిని మధ్యలో పెట్టి ఫన్నెల్ మళ్లీ గీయాలి. ఫోన్ వరకు వేస్తే, ఆర్డర్ల అసలు సంఖ్యతో కలిపి, ఇలా వచ్చింది.

```
begin_checkout       462
add_shipping_info    250
add_payment_info     225
purchase             138
```

ఇప్పుడు పెద్ద తగ్గుదల ఎక్కడుందో చూడండి. చిరునామా పూర్తి చేయకముందే 212 మంది, అంటే 46% వెళ్లిపోయారు. డబ్బు కట్టే దగ్గర ఇంకో 87 మంది పోయారు, అదీ చిన్నది కాదు. కానీ ముందు వరసలో ఉన్నది చిరునామా మెట్టు.

ఇక్కడికొచ్చాక అంకెలు వదిలి మన ఫోన్ తీసుకుని, కొత్త కస్టమర్‌లా ఒక చీర కొనాలి. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద. చేసి చూస్తే రెండు విషయాలు తగులుతాయనుకుందాం. ఒకటి, ఓటీపీ ఇస్తేగానీ చిరునామా అడగడం లేదు. రెండోది, రూ.1,999 లోపు ఆర్డర్లకి రూ.120 డెలివరీ ఛార్జీ ఉంది, అది మొదటిసారి కనిపించేది ఈ పేజీలోనే. చీర పేజీలో లేదు, కార్ట్‌లో లేదు.

రెంటిలో దేనివల్ల పోతున్నారు? సాధారణంగా ఇక్కడ ఎవరికి తోచింది వాళ్లు అంటారు, గట్టిగా మాట్లాడేవాళ్ల మాట నెగ్గుతుంది. ఊహించక్కర్లేదు. ఓటీపీ అందరికీ ఒకేలా తగులుతుంది. డెలివరీ ఛార్జీ రూ.1,999 దాటిన కార్ట్‌లకి తగలదు. కాబట్టి `begin_checkout` విలువని బట్టి రెండు గుంపులు చేసి చూస్తే చాలు. 462 మందిలో 300 మంది కార్ట్ విలువ ఆ గీతకి కింద ఉంది, వాళ్లలో 130 మంది చిరునామా పూర్తి చేశారు. మిగిలిన 162 మంది గీతకి పైన ఉన్నారు, వాళ్లలో 120 మంది పూర్తి చేశారు. కింద 43%, పైన 74%. ఓటీపీ ఒక్కటే కారణమైతే రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా పోవాలి. ఛార్జీ తగిలిన గుంపే ఎక్కువ పోయింది.

దీన్ని రుజువు అనడానికి లేదు. ఎక్కువ డబ్బుకి కొంటున్నవాళ్లు పెళ్లికో పండక్కో తప్పకుండా కావాలని వచ్చి ఉండొచ్చు, వాళ్లు ఎలాగూ తక్కువ వదిలేస్తారు. అందుకే పరీక్ష అవసరం. కానీ ఏం పరీక్షించాలో ఇప్పుడు తెలిసింది. స్క్రీన్‌షాట్ చూసిన మొదటి నిమిషంలో అయితే చీర పేజీలో బటన్ రంగు మార్చమని చెప్పి ఉండేవాళ్లం.

ఏం మార్చి చూడాలి

ఛార్జీని చివర్లో బయటపెట్టడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దీన్ని అలాగే ఉంచి కొత్త పద్ధతితో పోల్చడం నాకు సమ్మతం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లని తప్పుదారి పట్టించే వెబ్‌సైట్ పద్ధతుల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న 13 రకాల్లో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి, ధరలో కొంత భాగాన్ని ముందు చెప్పకుండా కొనే క్రమంలో తర్వాత బయటపెట్టడం దాని కిందికి వస్తుంది. మన షాపు ఎవరినీ మోసం చేయాలని అలా పెట్టి ఉండదు, వెబ్‌సైట్ థీమ్ అలా వచ్చి ఉంటుంది. అయినా కొనేవాళ్లకి తేడా లేదు. ఛార్జీ ముందే చెప్పాలి, అందులో పరీక్షకి పెట్టేదేమీ లేదు. పరీక్షించాల్సింది ఎలా చెబితే బాగుంటుందన్నది.

రెండు పద్ధతులు పోల్చదగ్గవి. మొదటిది, చీర ధర కింద "డెలివరీ రూ.120, రూ.1,999 దాటితే ఉచితం" అని రాయడం, కార్ట్‌లో ఇంకా ఎంత కొంటే ఉచితమవుతుందో చూపించడం. రెండోది, ఛార్జీని ధరలోనే కలిపి, రూ.1,250 చీరని రూ.1,370 చేసి, డెలివరీ అందరికీ ఉచితం అనడం. రెండో దానిలో ధర ఎక్కువగా కనిపిస్తుంది, కానీ చివర్లో కొత్తగా చేరేది ఉండదు. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చూపించాలి. ఒక మనిషికి ఎప్పుడొచ్చినా అదే కనిపించాలి, ఒకే చీర ఇవాళ ఒక ధర, రేపు ఇంకో ధర కనబడితే నమ్మకం పోతుంది. ధర విషయంలో అలా మనుషుల్ని విడదీయడం ఆమెకి ఇబ్బందిగా ఉంటే మొదటి పద్ధతి పెట్టేసి ఓటీపీని పరీక్షించడం మంచిది: ఓటీపీ ముందు అడగడం ఒకవైపు, చిరునామా రాశాక అడగడం ఇంకోవైపు.

ఫలితాన్ని దేంతో కొలవాలి అన్నది పరీక్షకంటే ముఖ్యం. ఛార్జీ చీర పేజీలోనే కనబడితే, ఆ రూ.120 ఇష్టం లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు, కార్ట్‌లో వేయరు. చెకౌట్‌కి వచ్చేవాళ్లు తగ్గుతారు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొంటారు. చెకౌట్ శాతం మాత్రమే చూస్తే 30% కాస్తా 40% అయిందని సంబరపడతాం, ఆర్డర్లు మాత్రం పెరగకపోవచ్చు. తగ్గుదల ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జరిగిందంతే. కాబట్టి మార్పు మొదట కనిపించే మెట్టు నుంచి కొలవాలి: చీర పేజీ చూసిన ప్రతి వందమందికి ఎన్ని ఆర్డర్లు? ఇప్పుడు 11,000కి 171, అంటే 1.5%కి కాస్త పైన. దాని పక్కన ఆర్డర్‌కి మిగిలే డబ్బు, క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే తీసుకోకుండా తిరిగొచ్చే పార్సిళ్లు కూడా చూడాలి. తిరిగొచ్చిన చీరకి కొరియర్ ఖర్చు షాపుదే, కానీ ఫన్నెల్‌లో అది కొనుగోలే.

ఎన్నాళ్లు నడపాలి? దీనికి సులువైన లెక్క ఒకటుంది. ఒక్కో వైపుకి కావాల్సిన మనుషులు సుమారుగా ఇంత:

```
n = 16 × p × (1 − p) / d²
```

`p` అంటే రెండు వైపుల సగటు రేటు, `d` అంటే మనం పట్టుకోవాలనుకునే తేడా. నిజంగా తేడా ఉంటే పదిలో ఎనిమిదిసార్లు దొరికేలా, లేని తేడాని ఉందని ఇరవైలో ఒకసారికి మించి అనుకోకుండా ఉండేలా ఈ పదహారు వచ్చింది. 1.5% నుంచి 2%కి పెరుగుతుందని ఆశిస్తే `p` 0.0175, `d` 0.005. ఒక్కో వైపుకి 11,000 మంది కావాలి. రెండు వైపులకీ 22,000, అంటే ఈ షాపుకి రెండు నెలలు. అదే 1.5% నుంచి 1.6%కి వచ్చే చిన్న మార్పుని పట్టాలంటే ఒక్కో వైపుకి 2,44,000 మంది కావాలి, దాదాపు నాలుగేళ్లు. ఇంత చిన్న షాపు బటన్ రంగుల్ని, అక్షరాల సైజుని పరీక్షకి పెట్టలేకపోవడానికి కారణం ఇదే. ఒకసారికి ఒక పెద్ద మార్పు, అది కూడా ముందు అనుకున్న సంఖ్య పూర్తయ్యేదాకా ఆపకుండా నడపాలి. పది రోజులకే ఒక వైపు బాగుందని ఆపేస్తే అది ఊగిసలాట కావచ్చు. రెండు నెలల మధ్యలో దసరా వస్తే ఫర్వాలేదు, ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. కానీ ఇలా సగం సగం మందికి చూపించకుండా దసరాకి ముందు నెలని దసరా నెలతో పోల్చడం మాత్రం కుదరదు.

మిగిలిన మెట్లని మరిచిపోనక్కర్లేదు. డబ్బు కట్టే దగ్గర పోయిన 87 మందికి ముందు చూడాల్సింది గేట్‌వే డాష్‌బోర్డ్‌లో విఫలమైన చెల్లింపులు. చాలా ఉంటే అది సాంకేతిక సమస్య, సరిచేయాలి. లేకపోతే వాళ్లు కట్టడానికే ప్రయత్నించలేదు, క్యాష్ ఆన్ డెలివరీ కోసం వెతికి ఉండొచ్చు. ఇక ఆ 92% విషయానికి వస్తే, మొత్తం షాపుకి కలిపి చూస్తే ఏమీ తెలియదు, చీర చీరకీ విడదీయాలి. అనలిటిక్స్‌లో ఒక్కో వస్తువు ఎన్నిసార్లు చూశారో, ఎన్నిసార్లు కార్ట్‌లో వేశారో పక్కపక్కనే ఉంటాయి. చూసినవాళ్లు చాలామంది, వేసుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో అయిన చీరలు నాలుగైదు దొరుకుతాయి. వాటి పేజీలు తెరిస్తే తరచూ కారణం అక్కడే కనిపిస్తుంది: జాకెట్టు గుడ్డ ఉందో లేదో రాసి ఉండదు, పగటి వెలుగులో తీసిన ఫోటో ఉండదు, అంచు దగ్గర నుంచి చూపించి ఉండదు, తమ పిన్‌కోడ్‌కి ఎన్ని రోజుల్లో వస్తుందో తెలియదు.

ఇంతకీ ఆ అమ్మాయికి నేను రాసే జవాబు ఇది: "ఎక్కువ మంది పోతున్నది చీర చూశాక, 92%. అది ఏ షాపులోనైనా ఎక్కువే ఉంటుంది. నువ్వు ముందు చూడాల్సింది ఫోన్ చెకౌట్. ఆర్డర్ల లిస్టులో 171 ఉన్నాయి, అనలిటిక్స్‌లో 132 ఉన్నాయి, ఆ లెక్క ఈ వారం సరిచేయించు. డెలివరీ ఛార్జీ చీర పేజీలో పెట్టేయ్. దాన్ని విడిగా రాయాలా, ధరలో కలపాలా అన్నది రెండు నెలలు సగం సగం మందికి చూపించి చూద్దాం. వచ్చే నెల స్క్రీన్‌షాట్‌లో కార్ట్ అంకె తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకు, చీర చూసినవాళ్లకి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో అది పంపించు."